ప్యానెల్ ఇంటర్వ్యూ తరువాతి కృతజ్ఞతా మెయిల్: ఒక్క చర్చాంశం చాలు

(ఉద్యోగార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. అమెరికాలో ఎంఎస్ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్నవారూ, హైదరాబాదులోని విదేశీ కంపెనీల కార్యాలయాలకు దరఖాస్తులు పెడుతున్నవారూ ఈ సభలో ఎక్కువమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందువల్ల ఉద్యోగ ప్రయత్నం మొత్తాన్నీ ఏకరువు పెట్టకుండా, ప్యానెల్ ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రం రాయవలసిన ఒక చిన్న మెయిల్ గురించి మాత్రమే మాట్లాడతాను. ఇది ప్రధానంగా అమెరికా కార్యాలయాల మర్యాద. అక్కడి యాజమాన్యాలతో పాటు ఇక్కడి కార్యాలయాలకూ కొంత వచ్చింది.

ఆ మెయిల్ ఏమి చేయగలదో తెలియాలంటే, మీరు గది నుంచి బయటికి వచ్చాక లోపల ఏం జరుగుతుందో తెలియాలి. పద్ధతిగా నియామకాలు జరిపే సంస్థల్లో ప్యానెల్ సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి అభిప్రాయం వారు స్కోర్‌కార్డులో రాస్తారు. ఆ తరువాత అందరూ కూర్చుని ఆ అభిప్రాయాలను సరిపోల్చుకుంటారు. ఆ సమావేశం అదే రోజు జరగవచ్చు, రెండు మూడు రోజుల తరువాత జరగవచ్చు, మిగిలిన అభ్యర్థులందరి ఇంటర్వ్యూలూ పూర్తయ్యే వరకూ ఆగవచ్చు. మీ మెయిల్ చాలా సందర్భాల్లో స్కోర్‌కార్డు నిండిన తరువాతే వారి చేతికి అందుతుంది కాబట్టి, తక్కువ వచ్చిన మార్కులను అది ఎక్కువ చేయలేదు. ఇద్దరు అభ్యర్థులు దాదాపు సమానంగా ఉన్నప్పుడు, ఒకరి గురించి హైరింగ్ మేనేజర్‌కు ఇంకా ఒక సందేహం మిగిలి ఉన్నప్పుడు మాత్రమే దానికి కొంత బలం ఉంటుంది. ఇంతకు మించి ఆశించేవారు ఆ మెయిల్‌లోకి తమ బయోడేటా అంతా ఎక్కించి దాన్ని పాడుచేస్తారు.

ఒక్కరే ఇంటర్వ్యూ చేసినప్పుడు రాసే మెయిల్‌కూ దీనికీ తేడా ఉంది. ప్యానెల్‌లో కూర్చున్న నలుగురూ నాలుగు విభాగాల నుంచి వస్తారు, ఒక్కొక్కరికి ఒక్కో ఆందోళన ఉంటుంది. ఒకే జవాబు ఒకరికి నచ్చి, పక్కన కూర్చున్నవారికి నచ్చకపోవచ్చు. అందుచేత మెయిల్‌లో ఎత్తిచూపడానికి సరైన చర్చాంశం మీరు బాగా చెప్పిన జవాబు కానవసరం లేదు. ప్యానెల్‌లో ఇద్దరి ఆందోళనలు ఒకదానికొకటి ఎదురుపడిన చోటు ఏదైనా ఉంటే, సాధారణంగా అదే సరైన అంశం. ఎందుకంటే ఆ ఎదురుపాటు మీ ఇంటర్వ్యూ కోసం పుట్టింది కాదు, ఆ ఉద్యోగంలో రోజూ ఉండేదే. దాన్ని మీరు ఎలా ఆలోచిస్తారో చూపడమే ఆ పనికి మీరు తగినవారని చూపడం.

ఇంత దూరం మాటల్లోనే చెప్పాను కాబట్టి ఇప్పుడు ఒక ఉదాహరణను ఊహించుకుని చివరి దాకా వెళదాం. అమెరికాలో టీకాలను నిల్వచేసి ఆసుపత్రులకు పంపిణీ చేసే ఒక సంస్థ ఉందనుకోండి. వారి కోల్డ్ స్టోరేజీలో నాణ్యతా విభాగపు విశ్లేషకుల పోస్టు ఖాళీగా ఉంది. గిడ్డంగి నడిపేవారికీ నాణ్యతా విభాగానికీ మధ్య సమన్వయం చేయగలగాలని ఉద్యోగ ప్రకటనలో స్పష్టంగా రాశారు. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్ చేసిన ఒక తెలుగు అమ్మాయి ఇంటర్వ్యూకు వెళ్లింది. ప్యానెల్‌లో హైరింగ్ మేనేజర్, నాణ్యతా విభాగాధిపతి, గిడ్డంగి సూపర్‌వైజర్, ఐటీ విభాగం నుంచి ఒకరు, మొత్తం నలుగురు కూర్చున్నారు.

ఫ్రిజ్‌లో ఉంచవలసిన టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. ఉష్ణోగ్రత ఆ హద్దు దాటితే అలారం మోగుతుంది. గిడ్డంగి సూపర్‌వైజర్ తన బాధ చెప్పాడు: సరుకు దించేటప్పుడు కోల్డ్ రూమ్ తలుపు తెరిచిన ప్రతిసారీ అలారం మోగుతోందని, రోజంతా మోగేదాన్ని చివరికి ఎవరూ పట్టించుకోవడం లేదని. అమ్మాయి జవాబు చెప్పింది. తలుపు తెరిచినప్పుడు వేడెక్కేది గాలి మాత్రమేనని, పెట్టెల్లో ఉన్న టీకా అంత త్వరగా వేడెక్కదని, కాబట్టి హద్దు దాటిన స్థితి కొన్ని నిమిషాల పాటు కొనసాగితేనే అలారం మోగేలా ఆలస్యం పెట్టవచ్చని అంది. సూపర్‌వైజర్ తల ఊపాడు. వెంటనే నాణ్యతా విభాగాధిపతి అడ్డువచ్చింది: "ఆ ఆలస్యం దాచిపెట్టే ప్రమాదం ఏమిటి?" అమ్మాయి సెన్సర్‌ను ద్రవం నింపిన చిన్న సీసాలో ఉంచితే అది గాలి ఉష్ణోగ్రతను కాక టీకా ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్నదాన్ని చూపుతుందని చెప్పింది. జవాబు తప్పు కాదు. టీకాల నిల్వకు అటువంటి సెన్సర్లనే వాడమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా సూచిస్తుంది. అయితే అడిగిన ప్రశ్నకు అది పూర్తి జవాబు కాదు. అంతలో సమయం అయిపోయి సంభాషణ ఐటీ సభ్యుడి ప్రశ్నల వైపు మళ్లింది.

ఆ సాయంత్రం ఆమె ఏ అంశం ఎంచుకోవాలి? ఆ గంటలో ఆమె తన ప్రాజెక్టు గురించి చక్కగా చెప్పింది, ఐటీ సభ్యుడు అడిగిన డేటాబేస్ ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చింది. అయినా ఎంచుకోవలసింది అలారం చర్చనే. సూపర్‌వైజర్‌కూ నాణ్యతా విభాగాధిపతికీ మధ్య రోజూ నలిగే విషయం అదే, ప్రకటనలో కోరిన సమన్వయం జరగవలసిన చోటూ అదే. పైగా ఆమె జవాబు సగంలో ఆగిన సంగతి ప్యానెల్‌లో కనీసం ఒకరికి గుర్తుంటుంది.

ఇంటికి వచ్చాక ఆమె ఆ ప్రశ్నను మళ్లీ ఆలోచించింది. ఉష్ణోగ్రత 8 డిగ్రీలు దాటడం, 2 డిగ్రీల కంటే కిందికి పోవడం ఒకే రకమైన ప్రమాదాలు కావు. కాసేపు కొద్దిగా వేడి తగిలితే చాలా టీకాలకు ఎంతసేపు, ఎంత వేడి అన్న లెక్క చూసి నిర్ణయం తీసుకునే వీలుంటుంది. కానీ హెపటైటిస్ బి వంటి, అల్యూమినియం లవణం కలిపిన టీకా గడ్డకడితే అది మళ్లీ కరిగినా పనికిరాదు. తలుపు తెరిస్తే గాలి వేడెక్కుతుందే తప్ప గడ్డకట్టేంత చల్లబడదు. అంటే సూపర్‌వైజర్‌ను విసిగిస్తున్న అలారాలు పై హద్దువి, నాణ్యతా విభాగాధిపతి భయపడవలసిన ప్రమాదంలో మరమ్మతుకు వీలులేని భాగం కింది హద్దుది. ఆలస్యాన్ని పై హద్దుకు మాత్రమే పెట్టి, కింది హద్దు అలారాన్ని వెంటనే మోగేలా ఉంచితే ఇద్దరి ఆందోళనలకూ కొంత సమాధానం దొరుకుతుంది. ఇది గొప్ప ఆవిష్కరణేమీ కాదు. ప్యానెల్‌లో ఇద్దరికి ఇది ముందే తెలిసి ఉండవచ్చు కూడా. అయినా ఆ ఆలోచన ఆమె తనంతట తాను ఆ ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్లిందని చూపుతుంది.

ఇప్పుడు మెయిల్ చూద్దాం. నిజంగా పంపేది ఇంగ్లీషులోనే, కానీ అందులోని విషయాన్ని మీకు తెలుగులో చదువుతాను. ఇది నాణ్యతా విభాగాధిపతికి రాసినది.

"ఈ రోజు మీరూ మీ సహచరులూ నాతో మాట్లాడినందుకు కృతజ్ఞతలు. అలారానికి ఆలస్యం పెడితే అది ఏ ప్రమాదాన్ని దాచిపెడుతుందని మీరు అడిగారు. నేను సెన్సర్ గురించి చెప్పి ఆగిపోయాను. తరువాత ఆలోచిస్తే పై హద్దునూ కింది హద్దునూ ఒకే విధంగా చూడకూడదని అనిపించింది. తలుపు తెరవడం వల్ల మోగేవి పై హద్దు అలారాలు కాబట్టి ఆలస్యాన్ని వాటికే పరిమితం చేసి, గడ్డకడితే పాడయ్యే టీకాల కోసం కింది హద్దు అలారాన్ని వెంటనే మోగేలా ఉంచవచ్చు. అయితే ఎన్ని నిమిషాల ఆలస్యం సురక్షితమో మీ కోల్డ్ రూమ్‌లో తలుపు తెరిచిన సమయాలనూ ఉష్ణోగ్రత రికార్డులనూ పక్కపక్కన పెట్టి చూడకుండా నేను చెప్పలేను. గిడ్డంగి అవసరాన్నీ నాణ్యత అవసరాన్నీ ఇలా ఒకే రికార్డు ముందు కూర్చోబెట్టే పని నేను చదువులోనూ ఇంటర్న్‌షిప్‌లోనూ చేశాను, ఈ ఉద్యోగంలో నన్ను ఆకర్షించింది కూడా అదే. మరేదైనా సమాచారం కావాలంటే తెలియజేయగలరు."

అంతే. ఇంగ్లీషులో ఇది నూట యాభై పదాలకు అటూఇటూగా వస్తుంది, ఫోనులో ఒకసారి వేలితో జరిపితే అయిపోతుంది. ఇందులో నేను మీ దృష్టికి తేవాలనుకున్న వాక్యం, సురక్షితమైన ఆలస్యం ఎంతో రికార్డు చూడకుండా చెప్పలేనన్న వాక్యం. చాలామంది అభ్యర్థులు అక్కడ "పది నిమిషాలు" అని ఒక అంకె వేసేస్తారు. సంస్థలో ఎన్ని టీకాలున్నాయో, తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో తెలియకుండా అంకె వేసే మనిషిని నాణ్యతా విభాగం నమ్మదు. తెలియని చోట ఆగి, తెలుసుకోవడానికి ఏ రికార్డు కావాలో చెప్పడమే ఈ పోస్టుకు అర్హత. "నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, బృందంతో కలిసిపోతాను" అన్న మూడు మాటలూ ఈ మెయిల్‌లో ఎక్కడా లేవని గమనించండి. ఆ మాటలు ఎవరైనా రాయగలరు గనుక చదివేవారు వాటిని దాటి పోతారు.

మీ వాక్యం సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడానికి రెండు పరీక్షలు ఉన్నాయి. అదే వాక్యాన్ని వేరే సంస్థలో జరిగిన ఇంటర్వ్యూ తరువాత కూడా మార్చకుండా పంపగలిగితే అది నిర్దిష్టంగా లేదు. "టీకా భద్రతపై మన చర్చ నాకు ఎంతో నచ్చింది" అనేది అలాంటి వాక్యం. రెండవ పరీక్షను ఎక్కువమంది మరిచిపోతారు. ఆ గదిలో లేని మనిషి చదివినా విషయం అర్థం కావాలి. హైరింగ్ మేనేజర్ మీ మెయిల్‌ను పై అధికారికి పంపవచ్చు. "మీరు అడిగిన ఆ ప్రశ్నకు నా తుది జవాబు అవును" అని రాస్తే అది అక్కడున్న ఇద్దరికి తప్ప ఎవరికీ పనికిరాదు. అందుకే పై మెయిల్‌లో ప్రశ్నను ఒక వాక్యంలో తిరిగి చెప్పి ఆ తరువాతే జవాబు ఇచ్చారు.

సగంలో ఆగిన జవాబును ఇలా పూర్తిచేయడానికీ, తప్పు జవాబును సరిదిద్దడానికీ మధ్య తేడా పాటించాలి. ఒక వాస్తవాన్ని పొరపాటుగా చెప్పి ఉంటే, రెండు వాక్యాల్లో సరిదిద్దడం మంచిదే. కానీ మూడు ప్రశ్నలకు సరిగా చెప్పలేకపోతే మూడింటికీ మెయిల్‌లో కొత్త జవాబులు రాయకూడదు. అది పరీక్ష హాలు బయట రాసిన జవాబు పత్రంలా ఉంటుంది. దానికి ఎవరూ మార్కులు వేయరు, పైగా వారు మరిచిపోయిన తడబాటును కూడా మీరే గుర్తుచేసినవారవుతారు.

నలుగురికీ ఏమి పంపాలన్నది తరువాతి విషయం. ఒకే మెయిల్‌ను నలుగురికీ విడివిడిగా పంపకండి. ప్యానెల్ సభ్యులు ఒకే సంస్థలో కలిసి పనిచేసేవారు, మీ మెయిల్ వచ్చిందని ఒకరితో ఒకరు అనుకుంటారు, అక్షరం పొల్లు పోకుండా అదే మెయిల్ నాలుగు చోట్ల కనిపిస్తే మొదటి మెయిల్‌కు వచ్చిన విలువ కూడా పోతుంది. అలాగని నలుగురికీ నాలుగు కొత్త అంశాలు వెతకడం కూడా అతి. ఈ ఉదాహరణలో సూపర్‌వైజర్‌కు రాసే మెయిల్‌లో చర్చాంశం అదే, అలారమే. మారేది ఎవరి వైపు నుంచి చూస్తున్నారన్నది. ఎక్కువగా మోగే అలారాల గురించి ఆయన చెప్పింది తనకు గుర్తుండిపోయిందని, ఏ సమయాల్లో తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటుందో తెలిసినవారు గిడ్డంగి సిబ్బందే కాబట్టి వారితో మొదలుపెట్టాలనుకుంటానని ఆమె రాయవచ్చు. రెండు మెయిళ్లనూ ఎవరైనా పక్కపక్కన పెట్టి చదివినా ఒకదాన్ని ఒకటి ఖండించకూడదు. సూపర్‌వైజర్‌కు "ఆలస్యం పెట్టేద్దాం" అని, నాణ్యతా విభాగాధిపతికి "ఆలస్యం ప్రమాదకరం" అని రాసిన అభ్యర్థి ఇద్దరినీ మెప్పించబోయి ఇద్దరికీ దూరమవుతుంది.

ఐటీ సభ్యుడు రెండు ప్రశ్నలు అడిగి ఊరుకున్నాడు, ఆయనతో చెప్పుకోదగిన చర్చ ఏదీ జరగలేదు. అప్పుడు లేని చర్చను కల్పించకండి. సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెబుతూ, ఉష్ణోగ్రత రికార్డులు ఏ వ్యవస్థలో భద్రపరుస్తారో ఆయన వివరించడం వల్ల ఈ పని రూపురేఖలు తెలిశాయని రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది, ఆయన నిజంగా వివరించి ఉంటేనే సుమా. ఒకరు చెప్పిన మాటను మరొకరికి అంటగట్టడం ఈ మెయిళ్లలో తరచుగా జరిగే పొరపాటు. వీడియో ఇంటర్వ్యూలో తెరమీద పేర్లు కనిపిస్తాయి గనుక కాగితం మీద ఎవరు ఏ ప్రశ్న అడిగారో రాసుకోవచ్చు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు పరిచయాల వేళే పేర్లను కూర్చున్న వరుసలో రాసుకుని, బయటికి రాగానే, కారెక్కకముందే, చర్చలోని ముఖ్యమైన మాటలు రాసుకోవాలి. రాత్రికి వాటిలో సగం కలిసిపోతాయి.

చిరునామాలు ఇంటర్వ్యూ ఆహ్వానంలో కనిపిస్తే వాటికి నేరుగా పంపవచ్చు. కనిపించకపోతే ఊహించి తయారుచేయకుండా, రిక్రూటర్‌కు ఒకే మెయిల్ రాసి ప్యానెల్‌కు చేరవేయమని కోరండి. అప్పుడు అది నలుగురూ చదివే మెయిల్ అవుతుంది కాబట్టి ఎవరి ప్రశ్ననైనా పేరుతో ప్రస్తావించవచ్చు గాని, ఒకరిని పొగిడి మిగిలినవారిని వదిలేసినట్లు ఉండకూడదు. 24 గంటల లోపల పంపడం వాడుక. శుక్రవారం మధ్యాహ్నం ఇంటర్వ్యూ జరిగితే సోమవారం దాకా ఆగకండి, సోమవారం ఉదయమే వారు కూర్చోవచ్చు. అలాగని లిఫ్టు దిగేలోపల పంపే మెయిల్‌ను ముందే రాసిపెట్టుకున్నారని ఎవరికైనా అర్థమవుతుంది.

సంబోధన విషయంలో మనవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడతారు. వయసులో పెద్దవారిని, పదవిలో పెద్దవారిని పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు, అందుకని సర్ అనీ మేడమ్ అనీ రాస్తాం. అమెరికా కార్యాలయంలో వారు తమను ఏ పేరుతో పరిచయం చేసుకున్నారో ఆ పేరుతోనే రాయడం మర్యాద. డాక్టర్ అని పరిచయం చేసుకున్నవారిని డాక్టర్ అనే రాయాలి. వినయం పేరుతో "మీ దయకు పాత్రుడను, ఈ అవకాశం ఇస్తే జీవితాంతం రుణపడి ఉంటాను" అన్న ధోరణి అక్కడ మర్యాదగా కాక, బతిమాలినట్లు కనిపిస్తుంది. ఓపీటీలో, అంటే చదువు తరువాతి తాత్కాలిక పని అనుమతిలో, ఉన్నవారికి 90 రోజుల నిరుద్యోగ పరిమితి నెత్తిమీద ఉంటుందని నాకు తెలుసు. ఆ గడువు, వీసా, జీతం, చేరగల తేదీ ఇవన్నీ రిక్రూటర్‌తో విడిగా మాట్లాడవలసినవి, ప్యానెల్‌కు రాసే మెయిల్‌లో చోటు లేదు.

ఇంకొక జాగ్రత్త ఉంది. ఇంటర్వ్యూలో సంస్థ తన లోపాలు కొన్ని చెప్పి ఉండవచ్చు. ఈ ఉదాహరణలో అలారాలను సిబ్బంది పట్టించుకోవడం లేదని సూపర్‌వైజర్ చెప్పాడు. దాన్ని "మీ గిడ్డంగిలో అలారాలను నిర్లక్ష్యం చేస్తున్నారు" అని మెయిల్‌లో ఎక్కించకూడదు. మందుల పంపిణీ వంటి రంగంలో తనిఖీలు ఉంటాయి, లిఖితపూర్వకంగా నమోదైన అటువంటి వాక్యం వారిని ఇరకాటంలో పెడుతుంది. ఎక్కువగా మోగే అలారాల సమస్య అని సాధారణంగా చెబితే ఎవరికీ ఇబ్బంది లేదు. అలాగే ఎవరూ అడగకుండా పది స్లైడ్ల పరిష్కారం జతచేయడం కూడా తగదు. సంస్థ లోపలి పరిస్థితి తెలియకుండా సలహాదారు పాత్ర వేసినట్లు ఉంటుంది.

ఒక సోదరుడు ప్రశ్న పంపారు: మెయిల్‌కు ఎవరూ జవాబు ఇవ్వకపోతే ఆశ వదులుకోవలసిందేనా? అక్కరలేదు. అభ్యర్థులతో ఉత్తర ప్రత్యుత్తరాలు రిక్రూటర్ ద్వారానే జరగాలని కొన్ని సంస్థలు ప్యానెల్ సభ్యులకు నియమం పెడతాయి. మౌనానికి అర్థం వెతకకుండా, ఫలితం ఎప్పటికి తెలుస్తుందని వారు చెప్పారో ఆ తేదీ దాటాక రెండు మూడు పని దినాలు ఆగి రిక్రూటర్‌ను అడగండి. ఆ మెయిల్‌లో అలారం గురించి మళ్లీ రాయనవసరం లేదు.

మరొకరు, ఇక్కడ సర్వీసు కమిషన్ ఇంటర్వ్యూ ఇచ్చిన తరువాత బోర్డు సభ్యులకు ఇలాగే రాయవచ్చా అని అడిగారు. రాయకూడదు. ప్రభుత్వ నియామక ప్రకటనలు చాలావాటిలో ఏ రూపంలోనైనా సిఫారసు కోసం, మద్దతు కోసం ప్రయత్నిస్తే అభ్యర్థిత్వం రద్దు చేస్తామని ఉంటుంది. మీ ఉద్దేశం కృతజ్ఞతే అయినా బోర్డు సభ్యుడికి విడిగా చేరిన ఉత్తరాన్ని ఆ నిబంధన కిందకు తేవచ్చు. ప్రభుత్వరంగ బ్యాంకులూ సంస్థలూ జరిపే ఇంటర్వ్యూలకూ ఇదే జాగ్రత్త పాటించండి. అక్కడ కృతజ్ఞత గది నుంచి లేచి వచ్చేటప్పుడు నోటితో చెప్పి రావడమే.